ప్రతిదాడికి అణ్వాయుధాన్ని ఎక్కడ ఉంచాలి: సైలో, లారీ, విమానం, జలాంతర్గామి

ఒక దేశం దగ్గర ఎన్ని అణ్వాయుధాలున్నాయన్నది అందరూ అడిగే ప్రశ్న. అసలు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. శత్రువు ముందుగా, చెప్పాపెట్టకుండా, తన చేతనైనంత గట్టిగా కొట్టాక వాటిలో ఎన్ని మిగులుతాయి? ఆ మిగిలినవాటితో తిరిగి కొట్టగలగడాన్నే ప్రతిదాడి సామర్థ్యం అంటారు. ఇద్దరికీ అది ఉన్నప్పుడు మొదట కొట్టినవాడు కూడా బతకడు కాబట్టి ఎవరూ మొదట కొట్టరు. పరస్పర వినాశనం ఖాయం అనే తర్కం అంతా ఇదే. ఒక పక్షానికి అది లేకపోతే లెక్క తలకిందులవుతుంది. బలహీన పక్షం "ఉన్నవి పోయేలోపే వాడేయాలి" అనుకుంటుంది. బలమైన పక్షానికి "వాళ్లు వాడేలోపే పోగొట్టాలి" అనిపిస్తుంది. యుద్ధం కోరుకోని ఇద్దరు కూడా ఈ తొందరలోనే యుద్ధంలోకి జారిపోతారు.

భారత్‌కు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. 2003 జనవరి 4న కేంద్ర మంత్రివర్గ భద్రతా కమిటీ ప్రకటించిన విధానం ప్రకారం మనం అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించం. మన మీద ప్రయోగిస్తే మాత్రం భారీగా, శత్రువు భరించలేనంత నష్టం కలిగేలా ప్రతిదాడి చేస్తాం. మొదటి దెబ్బ తినడానికి సిద్ధపడ్డ దేశం ఆ దెబ్బను తట్టుకునే చోటే ఆయుధాన్ని ఉంచాలి. ఉన్న దారులు నాలుగు. వాటిని పోల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. దెబ్బ పడ్డాక ఆయుధం మిగులుతుందా? మిగిలినదానికి ఆదేశం చేరుతుందా? చేరాక అది లక్ష్యం దాకా వెళ్తుందా? ఈ మూడింటినీ కూడకూడదు, గుణించాలి. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

భూగర్భ సైలో

కాంక్రీటు గొయ్యి, పైన బరువైన ఉక్కు మూత, లోపల క్షిపణి. ఆదేశం కేబుల్ మీద నేరుగా వస్తుంది, క్షిపణి నిమిషాల్లో లేస్తుంది, ఖర్చూ తక్కువే. రెండో, మూడో ప్రశ్నల్లో సైలోకు మంచి మార్కులు పడతాయి. తేడా వచ్చేది మొదటి ప్రశ్న దగ్గర. సైలో కదలదు, దాన్ని తవ్వుతున్నప్పుడే ఉపగ్రహం చూస్తుంది. చైనాలో గాన్సు ప్రాంతంలోని యూమెన్ దగ్గర సుమారు 120 సైలోలు కడుతున్న సంగతిని 2021లో బయటి పరిశోధకులు మామూలు వాణిజ్య ఉపగ్రహ చిత్రాల్లోనే కనిపెట్టారు.

ఒక లెక్క వేసి చూద్దాం. మీకు 100 సైలోలున్నాయి, శత్రువు క్షిపణి మొనలో వచ్చే అణుబాంబు, అంటే వార్‌హెడ్, ఒక్కోటి ఒక సైలోను ధ్వంసం చేసే అవకాశం 80 శాతం అనుకోండి. సైలోకు ఒకటి చొప్పున వేస్తే మీకు 20 మిగులుతాయి. రెండేసి వేస్తే 0.2ను 0.2తో గుణించాలి, అంటే నూటికి 4 మాత్రమే. దీనికి శత్రువు ఖర్చు పెట్టేది 200 వార్‌హెడ్లు. అతని ఒక్కో క్షిపణి 10 వార్‌హెడ్లు మోసేదైతే కేవలం 20 క్షిపణులతో మీ 96 క్షిపణులు పోతాయి. మీవి కూడా పదేసి మోసేవే అయితే 200 వార్‌హెడ్లకు 960 పోయినట్టు. ముందు కొట్టినవాడికి ఇంత లాభం ఉంటే సంక్షోభ సమయంలో రెండు రాజధానులకూ నిద్ర పట్టదు.

అందుకే సైలో క్షిపణికి ఎక్కువ వార్‌హెడ్లు తగిలించడం బలంగా కనిపించే బలహీనత. అమెరికా తన మినిట్‌మ్యాన్-3 క్షిపణులన్నిటినీ 2014 నాటికి ఒక్కో వార్‌హెడ్‌కు తగ్గించింది. ఇప్పుడు మోంటానా, నార్త్ డకోటా, వ్యోమింగ్ మైదానాల్లో ఉన్న సుమారు 400 క్షిపణుల్లో ఒకదాన్ని కొట్టాలంటే రెండు వార్‌హెడ్లు ఖర్చవుతాయి, పోయేది ఒకటే. దాడి చేసేవాడికే నష్టం.

పై లెక్కలో ఒక మెలిక ఉంది. రెండో వార్‌హెడ్ మొదటిదానితో సంబంధం లేకుండా పనిచేస్తుందని మనం అనుకున్నాం. నిజంలో మొదటి పేలుడు లేపిన దుమ్ము, రాళ్లు రెండోదాన్ని పాడుచేయవచ్చు. గైడెన్స్‌లోనే ఏదైనా లోపం ఉంటే రెండూ ఒకే వైపు తప్పుతాయి. దాడి చేసేవాడికి ఆ 96 మీద పూర్తి నమ్మకం ఎప్పటికీ కుదరదు. సైలోలకు ఉన్న కాస్త రక్షణ ఆ అనుమానమే.

సైలోల అసలు ప్రమాదం అవి పోవడం కాదు. పోతాయన్న భయంతో హెచ్చరిక రాగానే ప్రయోగించే విధానానికి దేశం అలవాటు పడటం. ఖండాంతర క్షిపణి రావడానికి సుమారు 30 నిమిషాలు పడుతుంది. గుర్తించడానికి, నిర్ధారించుకోవడానికి, నాయకుణ్ని లేపడానికి పోయే సమయం తీసేస్తే ఆలోచనకు మిగిలేది కొద్ది నిమిషాలే. 1979 నవంబరు 9న అమెరికా వాయు రక్షణ కేంద్రం తెరల మీద సోవియట్ల భారీ దాడి కనిపించింది. అది శిక్షణ కోసం తయారుచేసిన టేపు. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అయిదు క్షిపణులు వస్తున్నాయని చెబితే, అది పొరపాటు హెచ్చరిక అని తేల్చి పైకి పంపినవాడు డ్యూటీలో ఉన్న స్టానిస్లావ్ పెట్రోవ్. దక్షిణాసియాలో ఆ 30 నిమిషాలు కూడా లేవు. పాకిస్తాన్‌కూ మనకూ మధ్య క్షిపణి ప్రయాణం పది నిమిషాలకు అటూ ఇటూగా తేలిపోతుంది. హెచ్చరికను నమ్మి ప్రయోగించే వ్యవస్థ ఇక్కడ పెట్టుకోకూడదు. అలా పెట్టుకోకపోతే సైలోకు విలువ చాలావరకు తగ్గిపోతుంది.

రోడ్డు, రైలు మీద తిరిగే లాంచర్లు

గొయ్యిని వదిలి క్షిపణిని లారీ ఎక్కిస్తే, శత్రువు నిన్న తీసిన ఫొటో ఈరోజు పనికిరాదు. సోవియట్ టోపోల్ 1980ల నుంచి ఇలాగే తిరిగేది. మన అగ్ని-5, అగ్ని-ప్రైమ్ క్షిపణులను సీలు చేసిన క్యానిస్టర్‌లో పెట్టి రోడ్డు మీద నుంచే ప్రయోగించవచ్చు. 2025 సెప్టెంబరులో అగ్ని-ప్రైమ్‌ను రైలు లాంచర్ నుంచి కూడా పరీక్షించారు.

ఎంత ముందుగా బయల్దేరాలన్నదే ఇక్కడ లెక్క. లారీ గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుందాం. శత్రువు వార్‌హెడ్ 3 కిలోమీటర్ల లోపున్న లారీని పనికిరాకుండా చేస్తుందనుకుందాం, అంటే ఒక్కోటి సుమారు 28 చదరపు కిలోమీటర్లు తుడిచేస్తుంది. లారీ స్థావరం దాటి 20 నిమిషాలే అయితే అది 13 కిలోమీటర్ల వ్యాసార్థంలో ఎక్కడో ఉంటుంది. ఆ వలయం సుమారు 560 చదరపు కిలోమీటర్లు, 20 వార్‌హెడ్లతో మొత్తం కప్పేయవచ్చు. గంట గడిస్తే వలయం 5,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, 180 కావాలి. సమయం మూడు రెట్లయితే దాక్కునే చోటు తొమ్మిది రెట్లవుతుంది. ఆచరణలో లారీ రోడ్డు విడిచి పోలేదు, బరువు మోయగల వంతెనలు కొన్నే ఉంటాయి. కాబట్టి వెతకాల్సింది వలయమంతా కాదు, దానిలోని రోడ్లే. అయినా ముందే బయల్దేరి చెల్లాచెదురైన లారీని పట్టుకోవడం చాలా కష్టం. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ ఎడారిలో సంకీర్ణ విమానాలు స్కడ్ లాంచర్ల కోసం వారాల తరబడి వెతికాయి. ఒక్క సంచార లాంచర్‌నైనా ధ్వంసం చేసినట్టు తర్వాత నిర్ధారణ కాలేదు.

లోపం ఎక్కడంటే, లారీ మామూలు రోజుల్లో షెడ్డులోనే ఉంటుంది. ఎప్పుడూ తిప్పుతూ ఉండలేం. టైర్లు, ఇంజన్లు అరుగుతాయి, జనం మధ్య అణ్వాయుధానికి ప్రమాదమూ దొంగల భయమూ ఉంటాయి. సంక్షోభం ముదిరాక బయటికి తీయాలి. అలా తీయడాన్ని శత్రువు ఉపగ్రహం చూసి దాడికి సిద్ధమవుతున్నారని అర్థం చేసుకోవచ్చు. రక్షణ కోసం వేసిన అడుగే రెచ్చగొట్టినట్టు కనిపించడం ఈ దారిలో తప్పని చిక్కు. దీనికి తగ్గ జాగ్రత్త ఒక్కటే: గొడవలేమీ లేని రోజుల్లో కూడా క్రమం లేకుండా అప్పుడప్పుడూ లాంచర్లను బయటికి తీసుకువెళ్లే అలవాటు ఉండాలి. అప్పుడు సంక్షోభంలో వాటి కదలిక కొత్తగా కనిపించదు.

సైలోనూ లారీనీ కలపాలని అమెరికా ఒకసారి ప్రయత్నించింది. 1979లో కార్టర్ ప్రభుత్వం నెవాడా, యూటా ఎడారుల్లో 200 ఎంఎక్స్ క్షిపణులను 4,600 షెల్టర్ల మధ్య, అంటే ఒక్కోదానికి 23 చొప్పున, మారుస్తూ దాచాలనుకుంది. లెక్కలో తప్పులేదు. కానీ నీళ్లూ భూములూ పోతాయని, తమ నేలే లక్ష్యమవుతుందని స్థానికులు ఎదురు తిరిగారు. 1981లో రేగన్ దాన్ని రద్దు చేశారు.

విమానం

దీని గురించి క్లుప్తంగా చెబితే చాలు. బయల్దేరాక వెనక్కి పిలవగల ఆయుధం ఇదొక్కటే, కాబట్టి బెదిరింపును చూపించడానికి బాగా పనికొస్తుంది. ప్రతిదాడికి మాత్రం బలహీనం. రన్‌వేలు అందరికీ తెలుసు, అవి సైలో కన్నా మెత్తని లక్ష్యాలు, పైగా విమానం శత్రువు గగన రక్షణను దాటాలి. గాల్లోనే ఉంచుదామా అంటే అదీ జరిగి చూసిందే. అమెరికా బాంబర్లు 1960ల్లో అణుబాంబులతో నిరంతరం ఎగిరేవి. 1966 జనవరిలో స్పెయిన్‌లోని పలోమారెస్‌లో, 1968 జనవరిలో గ్రీన్‌లాండ్‌లోని థూలే దగ్గర కూలిపోయి ప్లుటోనియం నేల మీద, మంచు మీద చెదిరింది. రెండో ప్రమాదంతో ఆ ఎగురుడు ఆగిపోయింది.

జలాంతర్గామి

మొదటి ప్రశ్నకు దీన్ని మించిన జవాబు ఇంకా దొరకలేదు. సముద్రంలో నెమ్మదిగా, చప్పుడు లేకుండా పోయే అణు జలాంతర్గామిని వెతకడం ఎంత కష్టమో 2009 ఫిబ్రవరిలో ఒక ప్రమాదం చూపించింది. బ్రిటన్‌కు చెందిన వాంగార్డ్, ఫ్రాన్స్‌కు చెందిన ల త్రియోంఫాన్ అట్లాంటిక్‌లో నీటి అడుగున ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. రెండూ అణు క్షిపణులు మోసేవే, రెండిటికీ మంచి సోనార్లే ఉన్నాయి. తగిలేంత దగ్గరికి వచ్చినా ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియలేదు.

జలాంతర్గామి ఉంటే నాయకుడికి తొందర ఉండదు. రాజధాని పోయినా ప్రతిదాడి పోదని శత్రువుకు తెలుసు, కాబట్టి హెచ్చరిక నిజమా కాదా అని గంటలు కాదు, రోజులు ఆగినా ఫర్వాలేదు. ఆ ఆగగలగడమే అన్నిటికన్నా విలువైనదని మా అభిప్రాయం.

కాని జలాంతర్గామి ఉందంటే ప్రతిదాడి సామర్థ్యం ఉన్నట్టు కాదు. క్షిపణి ఎంత దూరం పోతుందన్నది దాక్కునే చోటును నిర్ణయిస్తుంది. దీనికి విశాఖపట్నమే మంచి ఉదాహరణ. విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో కట్టిన ఐఎన్ఎస్ అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశం చేసి, 2016లో సేవలో చేరి, 2018లో తన మొదటి అణు నిరోధక గస్తీ పూర్తిచేసింది. దానికి నాలుగు నిలువు గొట్టాలున్నాయి. 750 కిలోమీటర్ల కే-15 క్షిపణులైతే 12, 3,500 కిలోమీటర్ల కే-4 అయితే 4 పడతాయి.

మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. విశాఖ నుంచి కరాచీకి తిన్నగా గీత గీస్తే 1,800 కిలోమీటర్ల పైమాటే. కే-15తో బంగాళాఖాతంలో కూర్చుని పాకిస్తాన్‌ను కొట్టడం కుదరదు. జలాంతర్గామి పడవ శ్రీలంక చుట్టూ తిరిగి అరేబియా సముద్రంలోకి, శత్రువు గస్తీ విమానాలు తిరిగే నీళ్లలోకి పోవాలి. పోయినా ఇస్లామాబాద్, లాహోర్ రెండూ సముద్రానికి వెయ్యి కిలోమీటర్ల కన్నా దూరం, కాబట్టి అందేది కరాచీ, దాని చుట్టుపక్కల ప్రాంతమే. అదే కే-4 అయితే విశాఖ నుంచి ఇస్లామాబాద్ దాదాపు 2,050 కిలోమీటర్లు, అంటే 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న బంగాళాఖాతంలో చాలాభాగం దాక్కునే చోటైపోతుంది. 2024 ఆగస్టు 29న విశాఖలోనే సేవలో చేరిన రెండో పడవ అరిఘాత్ నుంచి అదే ఏడాది నవంబరులో కే-4ను పరీక్షించారు. చైనా సంగతి వేరు. విశాఖ నుంచి బీజింగ్ సుమారు 4,000 కిలోమీటర్లు. కే-4 అక్కడికి చేరాలంటే పడవ బంగాళాఖాతం ఉత్తరపు కొసకు పోవాలి. అక్కడ లోతు తక్కువ, దాక్కోవడం కష్టం. అందుకే చైనాకు సంబంధించి 5,000 కిలోమీటర్లు పోగల సముద్ర క్షిపణి వచ్చేదాకా అగ్ని-5 లారీల మీద ఆధారపడక తప్పదు.

రెండో చిక్కు పడవల సంఖ్య. ఎప్పుడూ ఒకటి సముద్రంలో ఉండాలంటే ఎన్ని కావాలి? బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ నాలుగు అనే తేల్చుకున్నాయి. ఒకటి గస్తీలో, ఒకటి గస్తీ నుంచి వచ్చి చిన్న మరమ్మతులో, ఒకటి శిక్షణ తీసుకుంటూ తర్వాతి వంతుకు సిద్ధంగా, ఒకటి ఏళ్లపాటు సాగే పెద్ద మరమ్మతులో. మూడింటితో కూడా కాగితం మీద కుదురుతుంది, ఏదీ చెడిపోకపోతే. 1969 ఏప్రిల్ నుంచి ఎడతెగకుండా ఒక పడవను గస్తీలో ఉంచుతున్న బ్రిటన్‌కు నాలుగుతో కూడా కష్టమవుతోంది. వాంగార్డ్ పెద్ద మరమ్మతు 2015 చివర మొదలై 7 ఏళ్లకు పైగా సాగింది. ఆ భారం మిగతా మూడింటి మీద పడి, మూడు నెలల గస్తీలు అయిదు నెలలు దాటిపోయాయి. ఏ దేశం పడవలు నిజంగా గస్తీలో ఉంటున్నాయో లేదో బయటివాళ్లు తెలుసుకోవడానికి ఇదొక గుర్తు: రేవులో ఉపగ్రహానికి ఎన్ని కనిపిస్తున్నాయి, డ్రై డాక్‌లో ఒకటి ఎన్నేళ్లు ఉండిపోయింది.

ఇక మూడో చిక్కు, అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది, ఆదేశం. ఉప్పునీటిలో మామూలు రేడియో తరంగాలు చొరబడవు. అత్యల్ప పౌనఃపున్య తరంగాలు, అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ వీఎల్ఎఫ్, 10, 20 మీటర్ల లోతు దాకా పోతాయి. పడవ లోతుగా ఉండి పొడవాటి తీగ యాంటెన్నాను పైకి వదిలి వింటుంది. వినడమే, జవాబివ్వడం ఉండదు. ఇస్తే చోటు తెలిసిపోతుంది. వేగం చాలా తక్కువ, కొద్ది అక్షరాల సంకేతమే పోతుంది. ఈ తరంగాల పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు కాబట్టి ప్రసార కేంద్రానికి వందల ఎకరాల్లో ఎత్తైన టవర్లు కావాలి. అంటే దాచలేం. ఎంతో కష్టపడి పడవను దాచి, దానికి మాట చేరవేసే కేంద్రాన్ని మాత్రం అందరికీ కనిపించేలా కట్టుకుంటున్నాం.

మనకు ఇన్నాళ్లూ తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఒక్కటే ఈ పని చేసేది. రెండోదానికి 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండంలో శంకుస్థాపన జరిగింది. 2,900 ఎకరాల అటవీ భూమి, మూసీ పుట్టే ప్రాంతం కావడంతో స్థానికులు వ్యతిరేకించారు. ఆ అభ్యంతరాలకు బలముంది, వాటికి సమాధానం ఇవ్వాల్సింది కట్టేవాళ్లే. ఒకే కేంద్రం మీద ప్రతిదాడి అంతా వేలాడటం మంచిది కాదన్నదీ అంతే నిజం.

లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. పడవ మిగిలే అవకాశం 90 శాతం, ఆదేశం చేరే అవకాశం 60, క్షిపణి పనిచేసే అవకాశం 80 అనుకుంటే గుణకారం 43 శాతం. డబ్బు పోసి పడవను ఇంకా నిశ్శబ్దంగా మార్చి 90ని 99 చేస్తే మొత్తం 48కి కూడా చేరదు. అదే ఆదేశం చేరే అవకాశాన్ని 60 నుంచి 90కి పెంచితే 65 అవుతుంది. అమెరికా ఇందుకోసం కిలోమీటర్ల పొడవు తీగను వేలాడదీస్తూ ఎగిరే విమానాలను పెట్టుకుంది. బ్రిటన్ ప్రధాని పదవిలోకి రాగానే నాలుగు పడవల కెప్టెన్లకు చేతిరాతతో ఉత్తరాలు రాసి సీలు వేస్తారు. లండన్ నుంచి ఇక ఏ మాటా రాదని తేలాక తెరవాల్సినవి అవి. ఈ ఉత్తరాల పద్ధతిలో పెద్ద ప్రమాదం ఉంది. మాట అందని పడవలో నిర్ణయం కొద్దిమంది అధికారుల చేతిలో పడుతుంది. క్షిపణి నుంచి వార్‌హెడ్‌ను విడిగా దాచే పాత పద్ధతి కూడా సముద్రంలో సాగదు, అన్నీ బిగించే పంపాలి.

ఎవరికి ఏది

భూభాగం విశాలంగా ఉండి శత్రువు అరగంట దూరంలో ఉంటే, ఒక్కో వార్‌హెడ్ సైలోలు కొన్ని ఉంచుకోవచ్చు, శత్రువు వార్‌హెడ్లను ఖర్చు చేయించడానికి. చిన్న దేశమై లోతైన సముద్రం అందుబాటులో ఉంటే బ్రిటన్ లాగా అంతా పడవల మీదే పెట్టవచ్చు, నాలుగు కట్టే స్థోమత ఉంటేనే. రెండే కట్టగలిగితే పడవల మీదే ఆధారపడకూడదు. అవి రేవులో కలిసి ఉన్న రోజు ఒకే వార్‌హెడ్‌కు రెండూ పోతాయి. సముద్రం చేతిలో లేని దేశానికి లారీలే దారి, శాంతి రోజుల్లో తిప్పే అలవాటుతో.

ముందుగా ప్రయోగించనని చెప్పిన, శత్రువు పక్కనే ఉన్న భారత్ లాంటి దేశానికి మా ఎంపిక వరుస ఇది. మొదటి రూపాయి దామగుండం లాంటి ఆదేశ మార్గాలకు, వాటికి తోడు గాల్లోంచి మాట చేరవేసే విమానాలకు. రెండోది కే-4 కన్నా దూరం పోయే సముద్ర క్షిపణికి. మూడోది నాలుగో పడవకు. లారీల మీది అగ్నులు ఈ మూడూ పూర్తయ్యేదాకా బరువు మోస్తాయి, తర్వాత కూడా ఉండాలి. సముద్రాన్ని పారదర్శకం చేసే సెన్సర్ ఏదో ఒకరోజు వస్తే, ఆ రోజు నేల మీద ఇంకో దారి మిగిలి ఉండాలి కదా. సైలోలు అసలు తవ్వొద్దు.